చలి పొద్దున మీటరు చూపిన అంకె

అక్క సంచి సర్దుతోంది. రెండు రోజుల పనికి పది రోజులకి సరిపడా సామాను. వైరు చుట్టలు, ఫ్యూజు పెట్టెలు, కనెక్టర్లు, రెండు మీటర్లు, వాటి మీద మడతపెట్టిన శాలువాలు. ఒకటి పెట్టడం, గుమ్మం వైపు చూడడం, మళ్ళీ ఇంకొకటి పెట్టడం.

"అక్కా, మనం ఆస్పత్రికి వెళ్తున్నామా, ఆస్పత్రి కట్టడానికి వెళ్తున్నామా?" అంది చెల్లెలు.

"నవ్వు నవ్వు. కొండమీద దుకాణాలుండవు."

"ఫ్యూజులే ఓ పుట్టెడున్నాయి!"

"ఉండనీవే. తిండి అడుగుతాయా?"

ఇంటి ముందు గదే వాళ్ళ దుకాణం. సోలార్ పని అక్క నేర్చుకుంది, చెల్లెలికి నేర్పింది. అమ్మ పోయినప్పుడు చెల్లెలికి జడ వేసుకోవడం కూడా రాదు. ఇప్పుడు ఊరంతా తిరిగొచ్చినంత తేలికగా ఇంటికప్పు ఎక్కి దిగుతుంది. అక్క బిగించిన పనిని బాగుచెయ్యమని ఎవరూ రెండోసారి పిలవలేదు. ఆ మాట అనాల్సి వచ్చినప్పుడు అక్క తల కొంచెం పైకి లేచేది. వినడానికి చెల్లెలు పక్కన లేనప్పుడు మాత్రం ఆ తల కిందికే ఉండేది. కొండమీది ఆస్పత్రి డాక్టరమ్మ కిందటిసారే అడిగింది, ఈ కొండల్లోని ఆస్పత్రులన్నిటి సోలార్ పనికీ ఇక్కడే ఉండే ఒక మనిషి కావాలి, మీ చెల్లెల్ని పంపుతారా అని. "వచ్చేసారి పని నా చేతుల మీదుగా సరిగ్గా జరిగితే అప్పుడు చెప్తా" అంది చెల్లెలు. అప్పటినుంచి అక్కకి నిద్ర సరిగా లేదు.

కొండమీది ఆస్పత్రి చిన్నది. ఇప్పుడున్న ఆరు ప్యానెళ్ళూ అక్క బిగించినవే. మూడేసి చొప్పున రెండు వరసలు. కొత్తగా కాన్పుల గది వచ్చింది, టీకాలు దాచే ఫ్రిజ్ రెండోది వచ్చింది, కరెంటు చాలడం లేదు. డాక్టరమ్మ ఆరు కొత్త ప్యానెళ్ళు, ఒక లిథియం బ్యాటరీ తెప్పించి పెట్టింది.

"పాత బ్యాటరీల పక్కన ఈ కొత్తది కూడా కలిపేస్తే రెట్టింపు బలం కదమ్మా?" అంది, వాళ్ళు వచ్చి సంచి దించగానే.

"కలపకూడదు డాక్టరమ్మా. ఇవి నీళ్ళు పోసే బ్యాటరీలు, అది లిథియం. చార్జింగు తీరే వేరు. ఒకటి నిండిందనుకున్నప్పుడు ఇంకొకటి ఆకలితో ఉంటుంది. పైగా ఇవి ముసలివైపోయాయి, కొత్తదాన్ని తమతో పాటు లాగేస్తాయి. వీటిని తీసేసి దాన్నే పెడదాం. బ్యాటరీకి ఎంత కరెంటు ఎక్కాలో చూసుకునే కంట్రోలర్ల అంకెలు కూడా దానికి తగ్గట్టు మార్చాలి. మార్చకపోతే నీళ్ళ బ్యాటరీలకిచ్చే ఎక్కువ వోల్టేజి తగిలి అది తనంతట తనే ఆగిపోతుంది."

అలా చెప్తుంటే అక్క తల పైకి లేచింది. చెల్లెలు పక్కనుంచి చూసి నవ్వింది.

పాత కంట్రోలర్‌కి పాత ప్యానెళ్ళతోనే చేతినిండా పని. అందుకని కొత్తవాటికి విడిగా ఒక కంట్రోలర్ తెచ్చారు. అది నూట యాభై వోల్టులవరకే తట్టుకుంటుంది. కప్పెక్కి, అలవాటు ప్రకారం కొత్తవాటిని కూడా మూడేసి చొప్పున రెండు వరసలుగా కలిపింది అక్క. మిట్టమధ్యాహ్నం మీటరు పెట్టి చూసింది. నూట ముప్ఫై ఆరు.

"ఇంకేం, బోలెడు జాగా ఉంది. వైర్లు అందుకో."

చెల్లెలు అందుకోలేదు. ప్యానెల్ వెనక అతికించిన కాగితం ముందు మోకాళ్ళ మీద కూచుని ఉంది.

"అక్కా, ఇవి మన పాతవాటిలాంటివి కావు. పాతది ఒక్కోటి నలభై వోల్టులు. ఇది నలభై తొమ్మిదిన్నర."

"అయితే మూడూ కలిపి నూట నలభై ఎనిమిదిన్నర. నూట యాభైకి లోపలే కదా?"

"అది మామూలు వేడిలో. ప్యానెల్‌కి చలేస్తే వోల్టేజి పెరుగుతుంది. ఇప్పుడు ఎండకి కాలుతోంది కాబట్టి తగ్గి చూపిస్తోంది. ఇక్కడ పొద్దున గడ్డి మీద మంచుంటుంది. నూట యాభై దాటితే కంట్రోలర్ మాడిపోతుంది."

"నాకు చెప్తున్నావా? పాతవాటిని మూడేసి పెట్టింది ఎవరు? ఇన్నేళ్ళలో ఒక్కటన్నా కాలిందా?"

"పాతవాటికి చలిలో కూడా నూట ముప్ఫై దాటదు. అందుకని కాలలేదు."

కింద డాక్టరమ్మ, నర్సు తలలెత్తి చూస్తున్నారు. అక్క మొహం ఎర్రబడింది. "పొద్దుపోతోంది, ఫ్రిజ్‌లో టీకాలున్నాయి, ఇప్పుడీ వాదన ఎందుకే" అని గొణిగింది.

"టీకాలు ఈ రాత్రికి ఉన్న కరెంటుతోనే గడుస్తాయి. కంట్రోలర్ కాలితే మటుకు కొత్తది వచ్చేదాకా కాన్పుల గది చీకట్లోనే" అంది చెల్లెలు. "వరస కలిపే ఉంచు. కంట్రోలర్‌కి మాత్రం తగిలించకు. పొద్దున చూద్దాం. నేను తప్పైతే నీ ఇష్టం."

అక్క రాత్రంతా పక్కమీద అటూ ఇటూ దొర్లింది. చెల్లెలు తప్పని తేలితే తన పేరు నిలుస్తుంది, చెల్లెలు తనతో ఇంటికి వస్తుంది. చెల్లెలు ఒప్పని తేలితే? ఆ ఆలోచన దగ్గరికి రాగానే దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

తెల్లారింది. కప్పు మీద కాలు పెడితే జిల్లుమంది. ఎండ కొండ మీదుగా వచ్చి ప్యానెళ్ళ మీద పడేదాకా ఇద్దరూ శాలువాలు కప్పుకుని నిలబడ్డారు. నర్సు వేడి వేడి టీ పట్టుకొచ్చి, తనూ దిగకుండా అక్కడే ఉండిపోయింది. డాక్టరమ్మ నిచ్చెన మీద సగం దాకా ఎక్కి ఆగింది.

"నువ్వే పెట్టు" అంది చెల్లెలు, మీటరు అక్క చేతికిస్తూ.

అక్క పెట్టింది. నూట యాభై మూడు.

మీటరు పాతబడిందనచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్క రెండో మీటరు తీసి పెట్టింది. మళ్ళీ అదే అంకె. అప్పుడు నిచ్చెన వైపు తిరిగి గట్టిగా అంది:

"డాక్టరమ్మా, నేను చెప్పింది తప్పు. నిన్న నా మాట వినుంటే ఈ పాటికి మీ కొత్త కంట్రోలర్ పొగలు కక్కేది. ఆపింది నా చెల్లెలు. నేను నేర్పిన పిల్లే."

చెల్లెలు తల వంచుకుంది. "నువ్వు నేర్పిందే కదక్కా. కాగితం చదవకుండా వైరు ముట్టుకోవద్దన్నది నువ్వే."

"నోర్మూసుకుని ఆ కనెక్టరు ఊడదియ్యి" అంది అక్క, ముక్కు తుడుచుకుంటూ. చలికి కాదు.

తర్వాత పని చకచకా సాగింది. ఆరు ప్యానెళ్ళనీ రెండేసి చొప్పున మూడు వరసలు చేశారు. వరస వోల్టేజి నూటికి కాస్త పైన తేలింది. మూడు వరసలూ ఒకచోట కలిసినప్పుడు ఒకదానిలో లోపం వస్తే మిగతావి దాన్ని కాల్చకుండా ప్రతి వరసకీ ఒక ఫ్యూజు కావాలి.

"ఫ్యూజులు తిండి అడగవన్నావు, ఇలా తియ్యి" అంది చెల్లెలు.

అక్క తీసిచ్చింది. పాత బ్యాటరీలు బయటికెళ్ళాయి, కొత్తది గోడకెక్కింది, రెండు కంట్రోలర్లలోనూ అంకెలు ఒకేలా దిద్దారు. మధ్యాహ్నానికి రెండు ఫ్రిజ్‌లూ, కాన్పుల గది దీపాలూ ఒకేసారి వేసి చూశారు. ఏదీ ఆగలేదు, మినుకుమనలేదు. నర్సు చప్పట్లు కొట్టింది.

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, మీ చెల్లెల్ని పంపుతారా అని. ఈసారి చెల్లెలు నేల చూడలేదు, అక్కని చూసింది.

"ఇక్కడే ఉండు" అంది అక్క. "కాకపోతే నీ శాలువా నా శాలువా రెండూ నీ దగ్గరే ఉంచుకో. ఇక్కడ చలెక్కువ. ఎవరైనా అడిగితే ఎవరి చెల్లెలివో చెప్పు."

"చెప్పకపోయినా నువ్వు చెప్పేలా ఉన్నావుగా."

"బస్సులో అందరికీ చెప్తా."

చెప్పింది కూడా. పక్క సీటావిడ వద్దన్నా వినకుండా, చలికి వోల్టేజి ఎందుకు పెరుగుతుందో, తన చెల్లెలు దాన్ని ఎలా పట్టుకుందో, దిగేదాకా చెప్పింది. ఇంటికొచ్చి దుకాణం తలుపు తీసి, రెండో కుర్చీని గోడకి జరిపి, ఒక్కతే కూచుంది.

అది చలికాలం చివరి వారం. ఆ వారం తర్వాత చెల్లెలు చూసిపోవడానికి వచ్చేది గానీ, ఆ ఇంట్లో ఉండడానికి ఎప్పుడూ తిరిగి రాలేదు.