ఉప్పుజున్నులో బొక్కలు

ఇటు జరుగు బిడ్డా, ఇంకా దగ్గరికి. ఆ గోడ చెమ్మగున్నది, ఆనుకోకు. బోధన్ రోడ్డు మీద మిషన్ దవాఖాన వంటింట్ల శారమ్మ పడ్డ తిప్పల చెప్త. పందొమ్మిది వందల అరవై రెండో, అరవై మూడో, చెరుకు కొట్టే కాలం.

శారమ్మ కాలు ఒక్క తావున నిలిచేది కాదు. అన్నం పొయ్యి మీద పెట్టి చారు దగ్గరికి, చారు దింపి జావ దగ్గరికి, మధ్యల వార్డు దాకా ఉరికి ఎవరు తిన్నరు, ఎవరు తినలేదని చూసి వచ్చేది. పళ్లెం మిగిలి వాపసు వస్తే ఆమె మనసు ముల్లు మీద కూర్చున్నట్టు ఉండేది.

ఆ దవాఖానకు ముందుగాల ఒక దొరసాని నర్సు ఉండేది. అంతకుముందు చీనా దేశంల పనిచేసి వచ్చింది. రోగులకు మింగ చేతకాకుంటే ఇది పెట్టమని శారమ్మకు ఒక వంటకం నేర్పి పోయింది. కోడిగుడ్డు కొట్టి, కోడి ఎముకలు ఉడకబెట్టి వడగట్టి చల్లార్చిన నీళ్లు కలిపి, చిటికెడు ఉప్పేసి, పింగాణి గిన్నెల పోసి ఆవిరి మీద ఉడికిచ్చుడు. గుడ్డు ఒకటైతే నీళ్లు అదే గుడ్డు సగం చిప్పతోటి నాలుగు. అట్ల ఉడికితే జున్ను లెక్క గడ్డకడతది. చక్కెర ఉండదు గనుక వార్డుల అందరూ దాన్ని ఉప్పుజున్ను అనేటోళ్లు. నున్నగ, గిన్నె కదిపితే పొట్ట కదిలినట్టు కదిలేది.

ఒక వారం రెంజల్ దిక్కు నుంచి లింబయ్యను ఎడ్లబండి మీద తెచ్చిండ్రు. ముప్పై ఏండ్ల సంది బెల్లం వండే మనిషి. పాకం అయిందా లేదా అని చల్లటి నీళ్లల్ల చుక్క వేసి చూడాలె గద. ఆనాడు ఎవనితోనో పందెం కాసి గరిటెడు ఉడుకు రసం నోట్ల పోసుకున్నడు. నాలుక, గొంతు పుండైనయి. మాట పోయింది. పొట్టలకు జావ పోయనీకి డాక్టరు ముక్కుల నుంచి రబ్బరు గొట్టం వేస్తే రెండో రోజే పీకి పారేసిండు.

డాక్టరు శారమ్మను పిలిచి మూడు దినాలు గడువు ఇచ్చిండు. ఈలోపల నోటితోటి పూటకు ఒక గిన్నెడు మింగితే సరే, లేకుంటే చేతులు కట్టేసి అయినా గొట్టం వేస్తనన్నడు. చేతులు కట్టేస్తరంటే లింబయ్య భార్య రాములవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది.

"గట్ల కానియ్యను అక్కా," అన్నది శారమ్మ. "నా ఉప్పుజున్ను మింగనోళ్లు లేరు."

అన్నది గని, మొదటి రోజే మూత తీసి చూస్తే జున్ను చెడింది. పైన గుంటలు గుంటలు, చెంచాతోటి కోస్తే లోపల అంతా బొక్కలు. అడుగున నీళ్లు ఊరినయి. ముక్క రబ్బరు లెక్క సాగింది. లింబయ్య ఒక్క చెంచా నోట్ల పెట్టుకుంటే గట్టిది గొంతుకు గీసుకున్నది, నీళ్లేమో అడ్డం పోయి దగ్గు వచ్చింది. దగ్గితే పుండు చిట్లి ఎర్రగ ఊసిండు.

గుడ్లు పాతవైనయేమో అనుకున్నది శారమ్మ. రెండో రోజు తన ఇంటి పక్క కమలమ్మ ఇంట్ల కోడి పొద్దుగాల పెట్టిన గుడ్లు తెచ్చింది. సరిగ కొట్టలేదేమో అని కవ్వం పెట్టి మజ్జిగ చిలికినట్టు చిలికింది. నురగ పొంగింది. ఆ నురగతోటే ఉడికితే పైన సూదితోటి గుచ్చినట్టు సన్న బొక్కలు కూడ కొత్తగ వచ్చినయి. పెద్ద బొక్కలు పెద్దగనే ఉన్నయి. పచ్చిగ ఉన్నదేమో అని ఇంకింత మంట పెట్టి ఇంకో గిన్నె ఉడికిచ్చింది. అది మొదటిదానికన్న అధ్వాన్నం.

ఆ దినం ఆమెకు మెతుకు పోలేదు. వాకిట్లకు, వంటింట్లకు తిరిగింది. గిన్నె కడిగి మళ్లీ కడిగింది. నర్సు విమలమ్మ చూసి, పిల్లిలెక్క తిరుగుతున్నవేంది, కూసో అన్నది. కూసుంటే కాళ్లు ఊరుకుంటలెవ్వు సిస్టరమ్మా అని శారమ్మ మళ్లీ లేచింది.

మూడో రోజు పొద్దున గిన్నె పట్టుకొని వార్డులకు పోయింది. మళ్లీ బొక్కలే. రాములవ్వ తొంగి చూసి, ఉన్నదున్నట్టు అన్నది.

"తేనెతుట్టె లెక్క ఉన్నది చెల్లె."

లింబయ్య తినలేదు. గిన్నె గుంజుకొని కోసిన ముక్కను వెలుగుకు పట్టి చూసిండు. చిటికెన వేలు ఒక బొక్కల పెట్టిండు. తర్వాత ఐదు వేళ్లు మీదికి లేపి కుతకుత ఆడిచ్చిండు. అరచేయి కిందికి వత్తిండు. రెండు చేతులతోటి ఏదో ముందరికి గుంజినట్టు చేసిండు.

"ఉడుకొచ్చిందంటుండు. పొయ్యిల నుంచి అగ్గి బయటికి గుంజుమంటుండు," అన్నది రాములవ్వ. "పాకం పొంగితే గానుగ కాడ గిట్లనే చేస్తడు."

శారమ్మకు మొదలు కోపమే వచ్చింది. ఇరవై ఏండ్ల సంది వండుతున్న, బెల్లం వండేటాయన నాకు పొయ్యి నేర్పుతడా అనుకున్నది. లింబయ్య ముక్కు ఎగబీల్చి వంటింటి దిక్కు వేలు చూపిచ్చిండు. పొగ వాసన. తీపి వాసన.

చెరుకు పిప్పి.

ఆ సోమవారం కట్టెల బండి రాలేదు. గానుగోళ్లు రెండు బండ్ల ఎండుపిప్పి తెచ్చి దవాఖానల పోసిండ్రు. అప్పటి సంది పొయ్యిల అదే. పిప్పి భగ్గుమంటది, చిటికెల బూడిదైతది, నిప్పు నిలువదు. ఆరిపోతదని శారమ్మ వచ్చిపోతూ గుప్పెడు గుప్పెడు వేస్తనే ఉన్నది. కట్టెలున్నప్పుడు అన్నం, చారు అయినంక మిగిలిన నిప్పుల మీద గిన్నె పెట్టి తన తిరుగుడు తాను తిరిగేది. ఇన్నేండ్లు మంట తగ్గిచ్చింది తాను కాదు, కట్టె. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు తెలిసింది.

గుడ్డుకు వేడి మెల్లగ తాకితే నీళ్లను పొట్టల పెట్టుకొని గడ్డకడతది. ఎక్కువైతే బిగుసుకొని నీళ్లను పిండేస్తది. ఆ నీళ్లు లోపలనే ఆవిరై ఉబ్బి, గడ్డకట్టేదాన్ని తోసుకుంటయి. తోసిన తావే బొక్క. చిలికితే ఎక్కిన గాలి అది వేరే. మూతకు పట్టిన చెమట చుక్కలు పడ్డ తావే పైనున్న గుంట.

శారమ్మ మళ్లీ మొదలు పెట్టింది. గుడ్డును కవ్వం ముట్టకుండ చెంచాతోటి నురగ రాకుండ కలిపింది. పల్చటి బట్టల వడగట్టి, పైన తేలిన బుడగలను చెంచాతోటి తీసేసింది. పెద్ద గిన్నె, దేగిసల నీళ్లు కాగేదాకనే పిప్పి వేసి, తర్వాత పొయ్యి ఊడ్చి, రాజుకున్న పిడకలు మూడు పెట్టింది. జున్ను గిన్నెను దేగిసల ఆవిరికి పెట్టి, మూతకు బట్ట కట్టి, అంచుకు పుల్ల అడ్డం పెట్టి సందు ఉంచింది. నీళ్లు ఉడకొద్దు, వణకాలె, అంతే.

ఇక్కడ ఆమెకు అసలు కష్టం వచ్చింది బిడ్డా. కూసోవాలె. అవతల చారు కాగాలె, జావ కాగాలె, డాక్టరు వచ్చే పొద్దు అయితుంది. లేస్తది, కూసుంటది. మూత తీయబోతది, చెయ్యి వెనక్కి తీసుకుంటది. పిడక ఒకటి మంట అందుకుంటే దాన్ని పక్కకు జరుపుతది. పదిహేను నిమిషాలు ఆమెకు పదిహేను దినాలైనయి.

మూత తీస్తే, చల్లారిన పాలమీగడ లెక్క నున్నగ ఉన్నది. కదిపితే కదిలింది.

గోరువెచ్చగ ఆరనిచ్చి తీస్కపోయింది. తలుపు కాడ డాక్టరు గొట్టం ట్రే పట్టుకొని నిలబడ్డడు. లింబయ్య ఒక చెంచా తీసుకొని కండ్లు మూసుకున్నడు. గొంతు కదిలింది. దగ్గు రాలేదు. రెండో చెంచా. మూడో చెంచా. రాములవ్వ లెక్కపెడుతుందో, ప్రార్థన చేస్తుందో, పెదవులు ఆడుతున్నయి. గిన్నె అడుగు గీకినంక డాక్టరు ట్రే వాపసు తీస్కపోయిండు.

లింబయ్య శారమ్మను దగ్గరికి రమ్మని వేలు ఊపిండు. వారం సంది రాని గొంతు, గరగరమంట లేచింది.

"ఉప్పు... జర తక్కువైంది, చెల్లె."

శారమ్మ ఆనాడు మొదటిసారి మంచం పట్టె మీద కూలబడి నవ్వింది. ఎంతసేపు కూసున్నదో ఆమెకు సోయి లేదు. అవతల చారు మాడింది.

గిది నాతోనే పోవద్దు బిడ్డా. గుడ్డు జున్ను వండేటోళ్లు ఎవరు కనపడ్డా చెప్పు. అగ్గి గుంజుమను, పక్కన కూసోమను. చెప్పేటప్పుడు ఆ మాడిన చారు సంగతి మరువకు.