పైపుకు వదలని అంగుళం

పదిహేనేళ్ళు రాయచూరులో జాకెట్లు కుట్టాను. రెడీమేడ్ దుకాణాలు నా మిషన్‌ను మూలన పెట్టాక, థర్మల్ కాలనీలో కొత్త క్వార్టర్లు కడుతున్న చోట ప్లంబర్ పనికి చేరాను. నలభై ఏళ్ళ శిష్యుణ్ణి. మేస్త్రి దేవప్పకు ముప్పై కూడా లేవు. నన్ను ‘అన్నా’ అంటూనే తిట్టేవాడు.

మొదటిరోజే షరతు పెట్టాడు.

"శనివారం లోపల ఒక వంటింటి లైను కారకుండ బిగించు, విజయేంద్రన్నా. కారిందంటే పోయి నీ మిషనే తొక్కుకో."

ఆ మిషన్‌ను అప్పటికే అమ్మేశానని నేను చెప్పలేదు. ఇంట్లో నా భార్య సౌభాగ్యతో మాత్రం పైపు కోయడం గుడ్డ కోసినంత సులువని కోతలు కోశాను.

సోమవారం మూడు రంపం బ్లేళ్ళు విరిచాను. మంగళవారం పైపుకు మరలు కోసే డైని నూనె పోయకుండా తిప్పితే అవి ఎలుకలు కొరికినట్టు వచ్చాయి. "ముందుకు ఒక చుట్టు, ఎనక్కి అర చుట్టు. ఇనుప రజను తెగి రాలాలె" అని దేవప్ప నా చేయి పట్టి తిప్పించాడు. కోసిన అంచును లోపల గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయడం, మరల మీద నార చుట్టి నీరు కారకుండా తెల్లటి సఫేదా ముద్ద పూయడం గురువారానికి వచ్చాయి. శుక్రవారానికి నా అంతవాడు లేడనుకున్నాను.

శనివారం పొద్దున, అవతలి పైపుకు బిగించిన యూనియన్, అంటే రెండు సగాలుగా విడిపోయే జాయింటు, దాని మూతి నుంచి మూల మలుపులోని ఎల్బో మూతి దాకా టేపు పెట్టాను. నలభై అంగుళాలు. సరిగ్గా అంతే కోశాను, వెంట్రుకవాసి తేడా లేదు. మరలు పెట్టి, యూనియన్ విప్పి, ఒక కొస ఎల్బోలోకి, రెండో కొస యూనియన్ సగంలోకి బిగించాను. యూనియన్ రెండు సగాలూ అలిగిన వియ్యంకుల్లా అంగుళం ఎడంగా నిలబడ్డాయి.

దేవప్ప చూశాడు.

"అటు అరంగుళం, ఇటు అరంగుళం పైపు లోపలికి పోతది. జాకెట్టుకు లోపల కుట్టు ఇడుస్తవు గదన్నా, దీనికెందుకు ఇడవలే?"

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లకు కుట్టు వదిలినవాణ్ణి. కొత్త పైపు అడుగుదామంటే స్టోరుకు తాళం పడింది.

"అతుకేస్తా" అన్నాను.

అంగుళం ముక్కకు మరలు పట్టవు కాబట్టి, పైపు విప్పి ఒక కొసన జానెడు తీసేశాను. చెత్తలో అంతకన్నా పొడుగు ముక్క వెతికి, రెంటికీ మరలు పెట్టి సాకెట్‌తో కలిపాను. ఈసారి లోపలికి పోయేది కూడా కొలతలో కలుపుకున్నాను. యూనియన్ కలిసింది.

దేవప్ప వాల్వు తిప్పి నీళ్ళు వదిలాడు. జాయింట్ల కింద పాత పేపరు పరిచి టీకి పోయాడు. నేను పోలేదు. చుక్క పడితే తొక్కుకోవడానికి నాకు మిషన్ లేదు. భయంతో కళ్ళార్పకుండా పేపరునే చూస్తూ కూర్చున్నాను.

దేవప్ప వచ్చి పేపరు తడిమి చూశాడు.

"పొడిగనే ఉన్నది. అతుకు మాత్రం అందరికి కనబడతది. సోమవారం వచ్చేటప్పుడు నీ సుద్దముక్క తెచ్చుకో. ముందు కుట్టు గీసుకోని కొయ్యి."

తల తిప్పుకున్నాను. అయినా ఆలస్యమైంది. పేపరు మీద పడిన మొదటి చుక్క నా కంటిదే.