ముట్టొద్దన్న గడి

మా చేపల సొసైటీకి ఆన్‌లైన్ షీట్ తయారుచేసింది నేనే. దాన్ని ఎవరైనా తక్కువ చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ట్రేతో కలిపి తూచిన బరువు వేస్తే చాలు, ఖాళీ ట్రే రెండు కిలోలను పక్క గడిలో ఫార్ములా తీసేస్తుంది.

ఆ పొద్దున శామీర్‌పేట చెరువు గట్టు మీద పరమేశ్ మామ, ఐస్ షెడ్డులో రెబెక్కా తమ తమ ఫోన్లలో షీట్ నింపారు. తర్వాత ముగ్గురం ఆఫీసులో చూస్తే తొమ్మిది ట్రేల చేప బరువు రెండేసి కిలోలు తక్కువ వచ్చింది.

“నిన్నటి షీటే వాపసు తెచ్చిపెట్టక్కా,” అంది రెబెక్కా.

“పొద్దటి సంది ఏసినయన్నీ పోతయ్!” అని కసిరాను.

కంప్యూటర్‌లో తక్కువ వచ్చిన మొదటి గడి ఎడిట్ హిస్టరీ తెరిచాను. నా ఫార్ములా మీద మామ 38 అని కొట్టాడు. పక్కనున్న 40 చూసుకోకుండా, ట్రే బరువు తీయలేదనుకొని రెబెక్కా దాన్ని 36 చేసింది. తొమ్మిది గడుల్లోనూ అదే కథ.

“గా గడి ముట్టమని ఎవరు సెప్పిన్రు మామా?”

“ట్రే బరువు మనసుల్నే తీసేసి రాస్త బిడ్డా. ముప్పై ఏండ్ల సంది గంతే.”

హిస్టరీలో కనిపించిన పాత ఫార్ములాలను ఆ తొమ్మిది గడుల్లోనే తిరిగి పెట్టాను. మామ తప్పు పట్టుకుందామని ఆయన కొట్టిన అంకెలతో పోల్చి చూశాను. 38కి 38. తొమ్మిదికి తొమ్మిదీ కలిశాయి.

మామ స్క్రీన్ వైపు మెడ చాచి, మీసం దువ్వుకున్నాడు.

“పర్వలేదు బిడ్డా, నీ ఫార్ములాకు గూడ లెక్కలొస్తయ్.”