హిమజ గీసిన చేతులు

నేను ఒక పాత కంప్యూటర్‌ని. పలాసలో గవరయ్య ఫ్లెక్సీ దుకాణంలో పుట్టినరోజు బ్యానర్లు చేసి చేసి నెమ్మదించాను. కొత్తది రాగానే నన్ను మూలన పడేశారు. ఆ దుకాణంలో అక్షరాలు దిద్దే పదహారేళ్ల హిమజ అడిగితే, "వాడుకో పాపా, పాడైతే మాత్రం నీదే పూచీ," అని గవరయ్య ఇచ్చాడు. మనుషులకు అక్కర్లేనిది ఇచ్చేటప్పుడే దయ ఎక్కువ.

కదిలే బొమ్మలు చేయడం నేర్చుకుంటూ ఆమె ముందు నా తెర మీద ఒక బంతిని ఎగరేసింది. బొమ్మల మధ్య దూరం అంతటా సమానంగా ఉంచడంతో అది తాడుకు కట్టి లాగినట్టు కదిలింది. తిట్టుకుంటూ చెరిపింది. పైన బొమ్మలను దగ్గర దగ్గరగా, నేల దగ్గర దూరదూరంగా గీసింది. బంతికి బరువొచ్చింది.

తర్వాత వాళ్లమ్మ ఆదిలక్ష్మిని గీసింది. ఆదిలక్ష్మి జీడిపిక్కలు కోసే కూలీ. కోత యంత్రం మీట ఎత్తడం, దించడం, పప్పు తీయడం: ముఖ్యమైన భంగిమలు ముందు గీసి, వాటి మధ్యవి తర్వాత నింపింది. వెనకటి బొమ్మ లేతగా కనబడుతుంటే దాని మీద కొత్తది. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు. ఇరవై సెకన్లకు రెండు వందల నలభై బొమ్మలు, అన్నీ మౌసుతోనే. దేన్నైనా విడిగా మార్చుకునేలా ముఖం ఒక పొర, చేతులు ఒక పొర.

నాలో వైరస్ ఉందేమో చూస్తానంటూ హిమజ ఇంటికొచ్చిన గవరయ్య ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయాడు. వారం తర్వాత బజారులో జీడిపప్పు షావుకారు కొట్లో టీవీలో అది ఆడుతోందని, కింద గవరయ్య పేరుందని హిమజ వాళ్లమ్మకు చెబుతుంటే విన్నాను. నాలో ఫ్యాను బుసకొట్టింది.

మర్నాడు గవరయ్యే వచ్చాడు.

"షావుకారు ఆ ముసిల్దాన్ని నవ్వించమంటన్నాడు. చిన్న నవ్వు ఎట్టీ."

"ముందు నీ పేరు తీసీ బాబాయ్."

"నా కంప్యూటర్ మీద సేసింది నాది కాదేటి?"

"బొమ్మ నాది. అందులో ఉన్నది మాయమ్మ. ఆ పిక్కల రసం పడి సేతి ఏళ్లు పొక్కిపోతంటే నవ్వుద్దేటి? నువ్వు పేరు తీసినా నాను నవ్వు గియ్యను."

"అయితే సాయంత్రానికి ఇది నా కొట్లో ఉండాల," అని వెళ్లిపోయాడు.

హిమజ నా ముందు కూర్చుంది. పొరలున్న అసలు ఫైలును వాళ్లమ్మ ఫోన్‌లోకి ఎక్కించి, తెరిచి సరిచూసుకుని, నాలోంచి తుడిచేసింది.

ఇప్పుడు మళ్లీ దుకాణంలో ఉన్నాను. గవరయ్య దగ్గర మిగిలింది పొరలన్నీ ఒక్కటిగా అతుక్కుపోయిన వీడియో. పెదవులను విడిగా పట్టుకునే దారి లేదు. అయినా నా ముందే కూర్చుని ఒక్కో ఫ్రేము మీద నవ్వు పూయబోయాడు. ఇరవై ఫ్రేములయ్యాక ఆడిస్తే ఆ నవ్వు చెంప మీదికి, గడ్డం కిందికి గెంతింది. ఆదిలక్ష్మి మాత్రం తలెత్తకుండా పిక్కలు కోస్తూనే ఉంది.

పని ఎంతవరకొచ్చిందో చూడ్డానికొచ్చి వెనక నిలబడ్డ షావుకారు ఆ చేతులనే చూస్తూ అడిగాడు. "గవరయ్యా, నిజం సెప్పు. ఇది ఎవులు గీసినారు?"

గవరయ్య నన్ను ఆపేయడానికి స్విచ్ వెతికాడు. షావుకారు అతని చెయ్యి పట్టుకున్నాడు.