ఆరు నాలుగులు పన్నెండు

ప్రాజెక్టులు చూసే లెక్చరర్‌కి అనుమానం ఉండాలండీ. నాకు అది కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. గుడివాడ దగ్గర మా ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు నాది. పిల్లలు విజయవాడలో తయారుగా దొరికే ప్రాజెక్టు తెచ్చి, అట్ట మీద తమ పేరు వేసుకుని, నా ముందు పెట్టి నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండువేల నాలుగు మార్చిలో ఒకేలాంటి రెండు ప్రాజెక్టులు వచ్చాయి. రెండూ గుణకారం చేసే యంత్రాలే. ఒకటి గుడివాడ విక్రమ్‌ది. రెండోది పెడన నుంచి రోజూ ప్యాసింజరులో వచ్చే నాగదుర్గది. వాళ్ళ నాన్న కలంకారీ అద్దకం చేస్తాడు. ఆ పిల్ల పెద్దగా మాట్లాడదు. మాట్లాడని వాళ్ళంటే నాకు ఇంకా అనుమానం.

ఆ ఏడు నేను పెట్టిన నియమం ఒకటే. యంత్రాన్ని కంప్యూటరులో ప్రోగ్రాములా రెండు ముక్కలుగా రాసి, సర్క్యూట్ బోర్డులోకి ఎక్కించాలి. అంకెలు దాచుకునే రిజిస్టర్లు, కూడిక ఒక ఫైలులో. వాటికి ‘ఇప్పుడు కూడు, ఇప్పుడు జరుపు’ అని ఆర్డర్లు వేసే కంట్రోలు ఇంకో ఫైలులో. అవసరమైతే కూడటం, ఒక స్థానం కుడికి జరపడం, కౌంటు ఒకటి తగ్గించడం: ఇదే ఎనిమిదిసార్లు. కౌంటు సున్నా అయితే ఆగాలి.

ఆఖరి పరీక్షకి పదిహేను రోజుల ముందు ఇద్దరూ చిత్తుప్రతి ఇచ్చినప్పుడు ఆరునీ నాలుగునీ ఇచ్చి చూశాను. విక్రమ్ యంత్రం పన్నెండు అంది. నాగదుర్గదీ పన్నెండే అంది. ఎనిమిది రౌండ్లకి ఆగాల్సింది రెండూ తొమ్మిదో రౌండు తిరిగి, వచ్చిన ఇరవై నాలుగుని ఇంకోసారి జరిపి సగం చేసేశాయి. ఇద్దరికి ఒకే చోట ఒకే తప్పు ఎలా వస్తుంది? ఒకళ్ళది చూసి ఇంకొకళ్ళు దింపితే తప్ప! నేను కిమ్మనకుండా ఊరుకున్నాను. దొంగ దొరకాలంటే తొందరపడకూడదు.

మర్నాడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడనగా ఇద్దర్నీ మధ్యాహ్నం ల్యాబుకి రమ్మన్నాను. విక్రమ్‌ది ఇంకా పన్నెండే చెబుతోంది, పంతొమ్మిది క్లాకులు, అంటే యంత్రం లోపలి గడియారం టిక్కులు, తీసుకుని. వాడు ఏడుపు మొహం పెట్టి, “ఎక్కడుందో దొరకట్లేదు సార్” అన్నాడు. నాగదుర్గది మాత్రం పదిహేడు క్లాకుల్లో ఇరవై నాలుగు చెప్పింది. అంకెలు లోడు చేసుకోడానికి ఒకటి, ఎనిమిది రౌండ్లకి రెండేసి. లెక్క సరిగ్గా ఉంది.

“ఎవరు సరిచేశారమ్మా?”

“నేనే సార్.”

“తప్పెక్కడుందో నీకెవరు చెప్పారు?”

ఆ పిల్ల నా వైపు చూసి, తల దించుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం నేను చాలా చూశాను. విక్రమ్‌ది ఎత్తేసింది, పైగా విజయవాడలో ఎవడి చేతో బాగుచేయించుకొచ్చింది! అక్కడికక్కడే కాగితం మీద రాశాను: నాగదుర్గ ప్రాజెక్టు కాపీ, రేపు వైవాకి, అంటే మౌఖిక పరీక్షకి, అనుమతించవద్దు అని. అటెండరు తోమాసుని పిలిచి, మా విభాగం హెచ్.ఓ.డీ. వెంకట్రామయ్య గారికి ఇమ్మన్నాను. ఆయన సంతకం పెడితే ఆ పిల్లకి ఏడాది పోయినట్టే.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “ఒక్కసారి సర్క్యూట్ బోర్డు మీద చూపిస్తాను సార్. ఆ తరవాత మీ ఇష్టం” అంది.

“చూపించు. ఎవడో నేర్పిన పాఠమేగా, నేనూ వింటాను.”

బోర్డులో తనంతట తాను నడిచే క్లాకు తీసేసి, దాని బదులు ఒక బటన్ కలిపింది. ఒక్క నొక్కుకి ఒక్క క్లాకు. ఎడమ దీపాలు కంట్రోలు ఏ స్టేట్‌లో, అంటే పనిలో ఏ మెట్టు మీద, ఉందో చెబుతాయి, కుడి దీపాలు కౌంటు చెబుతాయి. నొక్కుతూ, నొక్కుతూ ఎనిమిదో రౌండుకి వచ్చి ఆగింది.

“ఇప్పుడు షిఫ్ట్ స్టేట్‌లో ఉన్నాం సార్. కౌంటు తగ్గించమని ఆర్డరు వెళ్ళిపోయింది. కౌంటు ఎంతుందో చూడండి.”

“ఒకటి.”

“ఆర్డరు ఇప్పుడే ఇచ్చినా రిజిస్టరు మారేది వచ్చే క్లాకుకే సార్. అదే క్లాకుకి కంట్రోలు కూడా తరవాతి స్టేట్‌కి వెళ్ళిపోతుంది. అంటే ఎక్కడికెళ్ళాలో ఇప్పుడే తేల్చుకోవాలి, ఈ పాత ఒకటినే చూసి. సున్నా అయిందా అని అడిగితే కాలేదంటుంది, ఇంకో రౌండు తిరిగేస్తుంది. అందుకే నేను ఒకటా అని అడిగాను.”

బటన్ నొక్కింది. కౌంటు సున్నా అయింది, అదే క్షణంలో పని అయిందని చెప్పే డన్ దీపం వెలిగింది.

“లేకపోతే, అడగడానికే ఇంకో స్టేట్ పెట్టొచ్చు సార్. అప్పుడు సున్నా అనే అడగొచ్చు గానీ రౌండుకి మూడు క్లాకులవుతాయి. మొత్తం ఇరవై అయిదు.”

వినగానే తెలిసిపోయింది, ఇది ఎవడో నేర్పిన పాఠం కాదని. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా! సరే, ఈ పిల్ల సొంతంగానే సరిచేసింది, మరి మొదట దింపింది మాత్రం నిజమేగా అనుకుని విక్రమ్ మీద పడ్డాను.

“ఏరా, ఈ తప్పున్న ఫ్లోచార్టు నీకెక్కడిది? మొదట నువ్వు గీశావా, ఈ పిల్ల గీసిందా?”

వాడు బిక్కమొహం వేసుకుని సంచీలోంచి నోట్సు తీశాడు. “క్లాసులో బోర్డు మీద మీరు గీసిందే సార్.”

నా బొమ్మే. ఒకే పెట్టెలో ‘కౌంటు తగ్గించు’, దాని కిందే ‘సున్నానా?’. మూడేళ్ళుగా అదే గీస్తున్నాను. నేను క్లాసులో చూపించేటప్పుడు అంతా ఒకే ముక్కగా, కౌంటుని రిజిస్టరు కాకుండా ఉత్త వేరియబుల్‌గా పెట్టి రాసేవాణ్ణి. వేరియబుల్ తగ్గించిన మరుక్షణమే తగ్గుతుంది, కింద లైను కొత్త విలువనే చూస్తుంది. కాబట్టి నాకు ఎప్పుడూ ఇరవై నాలుగే వచ్చింది. కౌంటుని రిజిస్టరు చేసి అవతలి ఫైలులో పెట్టమని వీళ్ళకి చెప్పిన పెద్దమనిషిని నేను. అలా పెట్టి ఒక్కసారైనా నడిపి చూసుకోలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

“నీదీ ఇదేనా?” అన్నాను నాగదుర్గతో.

“క్లాసంతా ఇదే సార్.”

“మరి ఎవరు చెప్పారని అడిగితే నోరు మెదపవేం? తప్పు మీ నోట్సులోనే ఉందని అనొచ్చుగా?”

ఆ పిల్ల కాసేపు వైర్లు సర్దింది. తరవాత మెల్లగా అంది. “పోయినేడు మా సీనియర్ పూర్ణిమక్క, మీరు బోర్డు మీద రాసినదాంట్లో తప్పు చూపించింది కదా సార్. ఇంటర్నల్స్‌లో ఆవిడకెన్ని వేశారో మా అందరికీ తెలుసు. నేను కాపీ కొట్టానంటే ఒక్క ఏడాదే పోతుంది. మీకు కోపం వస్తే మిగతా సబ్జెక్టులూ పోతాయి.”

పూర్ణిమకి ఆ మార్కులు వేసిన రోజు, పొగరు అణిచానని స్టాఫ్ రూములో చెప్పుకుని నవ్వాను కూడా.

హెచ్.ఓ.డీ. గదికి దాదాపు పరిగెత్తాను. వెంకట్రామయ్య గారు నా కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి కూర్చున్నారు.

“సంతకం పెట్టకండి సార్. ఆ కాగితం ఇచ్చేయండి.”

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. “అదేంటి కాంతారావు గారూ, కాపీ అని మీరే రాశారుగా? కొట్టలేదంటారా?”

“కొట్టారండీ. క్లాసంతా కొట్టారు.”

“ఎవరిది చూసి?”

“నాది చూసి” అన్నాను.