రెండు గాట్ల ఎస్‌ఎస్‌డీ

మోటార్లు బాగుచేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. పాడైన సామాను జేబులో వేసుకుని పోయి, అంగడివాడి ముందు పెట్టి, ఇట్లాంటిదే ఇవ్వు అనడం. బుష్షయినా బేరింగయినా నేను అట్లాగే తెస్తాను. నోటితో చెప్తే నేను అడిగేది ఒకటి, వాడిచ్చేది ఇంకొకటి. ఐరాలలో నా మునిరత్నం వైండింగ్ షాపులో సామాను సరిపోలేదన్న రైతు లేడు. ఈ సంగతిలో నాకు కొంచెం పొగరు ఉంది, దాచుకోను.

నా కూతురు ఐశ్వర్య ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. చిన్నప్పుడు సైకిల్ చైను ఊడితే "నాయనా" అని నా దగ్గరికే పరుగెత్తుకొచ్చేది. ఇప్పుడు ఏం పాడైనా ఫోనులో చూసుకుని తనే బాగుచేసుకుంటుంది. తన పనిలో నా చేతికి అందేది ఒక్కటీ లేదు. సంతోషించాల్సిన సంగతే. అయినా నాకు బాధగానే ఉండేది.

ఒకరోజు భోజనాల దగ్గర అంది, "ల్యాప్‌టాప్ నిండిపోయింది నాయనా. లోపల ఇంకో ఎస్‌ఎస్‌డీకి స్లాటు ఖాళీగా ఉండాది. ఏది పడుతుందో సూసి కొనాల."

ఎస్‌ఎస్‌డీ అంటే వీడియోలన్నీ దాచుకునే వేలెడంత పలక. 'సూసి' అన్న మాట నా చెవికి ఎక్కలేదు. 'కొనాల' అన్నది మాత్రం ఎక్కింది.

మర్నాడు రాగి తీగ కోసం తిరుపతి పోతూ, ఐశ్వర్య తన పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిపెట్టిన పలకను జేబులో వేసుకున్నాను. కంప్యూటర్ సామాన్ల అంగడి హరినాథ్ "ఏ ల్యాప్‌టాప్‌కి, అన్నా?" అని అడిగాడు.

"దాంతో నీకేం పనప్పా? ఇట్లాంటిదే, ఇంకా ఎక్కువ పట్టేది ఇయ్యి" అన్నాను.

పాత పలక చివర బంగారు రంగు పళ్ల మధ్య రెండు గాట్లు ఉన్నాయి. అతనిచ్చినదానికీ రెండే. పక్కపక్కన పెట్టి, వెలుతురులో చూసి మరీ తెచ్చాను.

"నేనే బిగిస్తా" అంటే ఐశ్వర్య ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, మూత తీసి, బ్యాటరీ తీగ ఊడదీసి ఇచ్చింది. ఖాళీ స్లాటులో ఒకటే బుడిపె ఉంది. పలకకున్న ఒక గాటు దానిమీద కూర్చుంది, రెండోది ఊరికే మిగిలింది. ఎంత చక్కగా దిగిందో! స్క్రూ బిగించి "సూడు" అన్నాను.

ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ దాన్ని గుర్తించనే లేదు. తీసి మళ్లీ పెట్టాం. అయినా లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఐశ్వర్య ఆ ల్యాప్‌టాప్ తాలూకు పుస్తకం ఫోనులో తెరిచి చదివింది. "నువ్వు తెచ్చింది సాటా రకం నాయనా. ఈ స్లాటులో ఎన్‌వీఎంఈ రకం ఒక్కటే పనిచేస్తాదంట. దానికి మామూలుగా ఒకటే గాటు ఉంటాది. రెండు గాట్లది ఈడ కూచుంటాది గానీ, పని చెయ్యదు."

"అయితే గాట్లు సూసుకుంటే సాలునా?"

"సాలదు. రెండు గాట్ల ఎన్‌వీఎంఈలు కూడా కొన్ని ఉండాయి. గాట్లు సూడాల, లేబులు సదవాల, మన స్లాటుకు ఏది పడుతుందో పుస్తకంలో సూడాల."

సింగిల్ ఫేజు కరెంటుకు త్రీ ఫేజు మోటారు తెచ్చినట్టయింది. బోల్టులన్నీ సరిపోతాయి, మోటారు మాత్రం తిరగదు. ఆ పని చేసిన రైతును నేనే కసురుతాను. ఐశ్వర్య కసరలేదు. "పోనీలే నాయనా, ఇంక నేను సూసుకుంటా" అంది. తిట్టినా బాగుండేది. ఇక ఏ పనికీ నన్ను పిలవదు అనిపించి, ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు తనతోపాటు నేనూ తిరుపతికి బయలుదేరాను. వద్దనలేదు.

హరినాథ్ మంచివాడు. "సీలు తీసింది వాపసు తీసుకోలేనన్నా. అయినా ఇది వేస్టు కాదు. చిన్న యూఎస్‌బీ పెట్టెలో పెట్టుకుంటే పెళ్లోళ్లకు వీడియోలు తీసుకపోయేదానికి పనికొస్తాది" అన్నాడు. ఐశ్వర్య అవతలి బల్ల దగ్గర ఎన్‌వీఎంఈల లేబుళ్లు చదువుతోంది. అతను ఒక పెట్టె తీసి, మా రెండు గాట్ల పలకను అందులో పెట్టాడు. చక్కగా కూర్చుంది.

"కుదిరింది సూడన్నా."

"నిన్న కూడా కుదిరిందప్పా" అన్నాను. "ఈ పెట్టె సాటాదా, ఎన్‌వీఎంఈదా?"

హరినాథ్ పెట్టె తిప్పి చదివాడు. "ఎన్‌వీఎంఈ ఒక్కదానికేనన్నా, నేనే సూసుకోలేదు" అని నవ్వి, సాటా పెట్టె తెచ్చి, పలకను దాంట్లోకి మార్చి, తన కంప్యూటరుకు తగిలించాడు. ఈసారి తెరమీద కొత్త డిస్కు అని కనిపించింది.

ఐశ్వర్య ఎప్పుడొచ్చి నిలబడిందో, నా పక్కనే ఉంది. తను ఎంచుకున్న ఒంటి గాటు పలకను నా చేతిలో పెట్టింది.

"నాయనా, కొనేముందు ఒక్కసారి నువ్వు సూడు."

తనకు తెలియక కాదు. అయినా నేను కళ్లద్దాలు పెట్టుకుని, లేబులు మొత్తం చదివాను.