గంట లెక్క

తన షాపు జీఎస్టీ నంబరు పంతొమ్మిది రోజుల కిందటే రద్దయిపోయిందని నిర్మలకు ఫోన్లో తెలిసింది. అప్పటికే సరుకు నింపిన ట్రాలీ ఆటో, ఆమె దగ్గర కొనే కంపెనీ గేటు బయట ఆగిపోయింది.

"మీ బిల్లు మా సిస్టమ్ తీసుకోవట్లేదండీ" అన్నాడు హరిప్రసాద్. ఎయిర్‌పోర్టు కార్గో వైపు కార్మికులకు భోజనాలు పెట్టే క్యాటరింగ్ కంపెనీలో అతను పర్చేజ్ మేనేజరు. "నంబరు కొడితే రద్దు అని వస్తోంది. మీకు తెలీదా?"

"నాకేం తెలుసు సార్! ట్యాక్స్ కట్టుకుంటనే ఉన్న గద."

"రద్దయిన నంబరు మీద బిల్లు తీసుకుంటే ఆ ట్యాక్స్ మా నెత్తిన పడుతుందండీ. సోమవారం దాకా ఆగుతాను. అప్పటికీ కాకపోతే ఆర్డరు కాటేదాన్ సప్లయర్లకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండి."

ఆ రోజు గురువారం.

పేపరు గ్లాసులు, ప్లేట్లు, పార్సిల్ డబ్బాలు నిర్మల వ్యాపారం. అమ్మకంలో మూడింట రెండు వంతులు ఆ కంపెనీకే పోతుంది. ఆ ఆర్డరును నమ్ముకునే రెండు నెలల కింద శంషాబాద్ బస్టాండు వెనక ఉన్న ఇరుకు మడిగెలోని షాపు వదిలి, పాత హైవే మీద ఇరవై రెండు వేల కిరాయికి పెద్దది తీసుకుంది. ఆర్డరు పోతే షట్టరు దించుకోవడమే.

లెక్కలు చూసే రాఘవేందర్‌కు ఫోన్ చేసింది. ఇరవై నిమిషాల్లో వచ్చాడు. ముప్పై ఐదేళ్ల మనిషి. భుజాన లాప్‌టాప్ సంచి. ఆ వీధిలో ఐదు షాపుల లెక్కలు అతనివే. కూర్చోగానే ఫోన్ తీసి టైం నోట్ చేసుకున్నాడు.

"ఇప్పుడు గూడ గడియారం చూస్తున్నవా తమ్మీ?"

"నువ్వు పెట్టిన పద్ధతే గదక్కా."

నిజమే, ఆమె పెట్టిన పద్ధతే. అంతకుముందు నాలుగేళ్లు నెలకింత అని మాట్లాడుకున్నారు. షాపుకు మూడు వేల ఐదొందలు. పని ఉన్నా లేకపోయినా అంతే. పక్కన హార్డ్‌వేర్ షాపు ఈశ్వరయ్యకు అది మొదటి నుంచీ మింగుడుపడలేదు. మార్చిలో చాయ్ తాగుతూ ఐదు షాపుల వాళ్లనూ కూర్చోబెట్టాడు.

"నెలకు ఒక్క దినం వచ్చి కూసుంటడు. దానికి మూడున్నర వేలా? నా దగ్గర హమాలీ గూడ మోసిన బస్తాకే పైసలు తీస్కుంటడు. గంటకు రెండొందల యాభై ఇద్దాం. పని చేసిన గంటకే."

అందరికీ నచ్చింది. నిర్మలకు అందరికన్నా ఎక్కువ నచ్చింది. మొదటి నెల బిల్లు పదిహేను వందలే వచ్చింది. ఆ నెల రాఘవేందర్ ఇచ్చిన కాగితంలో 'ఫోన్లు, మెయిళ్లు చూచుట: ముప్పావు గంట' అని ఒక గీత ఉంటే, "ఫోను మాట్లాడితే గూడ పైసలా?" అని పెన్నుతో కొట్టేసింది. అతను తర్వాతి నెల ఆ గీత మళ్లీ రాయలేదు.

రాఘవేందర్ పోర్టల్ తెరిచాడు. స్క్రీను ఆమె వైపు తిప్పాడు.

"రిజిస్టరైన అడ్రసులో షాపు లేదని రద్దు చేసిండ్రు. ఆఫీసరు పాత మడిగెకు వచ్చి చూసిండు, తాళమున్నది. నోటీసిచ్చిండు. ఏడు పనిదినాల్ల జవాబియ్యాలె. ఇయ్యలే."

"అడ్రసు మార్చలేదా నువ్వు?"

"మారుస్తనన్న. కిరాయి కాగితం, కరెంటు బిల్లు పెట్టాలె, రెండు గంటలైతదన్న. రిటర్ను మూడు నెలలకోసారే గద, అప్పుడే చేద్దువులే, ఇప్పుడు ఉత్తగ ఐదొందలెందుకన్నవు."

ఆ మాట అన్నది తనే.

"మరి నోటీసు? నాకు రాలేదేంది?"

"మెయిల్‌కు వచ్చుంటది. నేను చూడలే."

ఆ మెయిలూ, ఆ ఫోన్ నంబరూ రాఘవేందర్‌వే. రిజిస్ట్రేషన్ చేసిన రోజున ఓటీపీల పరేషాన్ ఎందుకని ఆమే అవి ఇవ్వమంది. వీధిలో ఐదు షాపులకూ అదే కథ.

"మళ్ల తెరిపియ్యొచ్చా?"

"తొంభై దినాల్ల అర్జీ పెట్టుకోవచ్చు. మొదలు బాకీ ఉన్న రిటర్నులు వెయ్యాలె. ఆఫీసరు మళ్ల వచ్చి చూడాలె. సోమవారానికైతే కాదు."

మర్నాడు పొద్దున్నే నిర్మల పన్నుల ఆఫీసుకు పోయింది. కొత్త షాపు కిరాయి కాగితం, ఫోటోలు టేబుల్ మీద పరిచి బతిమాలింది. ఇన్‌స్పెక్టరు ఓపికగా విన్నాడు. ఫైలు తిరగేశాడు.

"అమ్మా, తాళం చూసి ఊకె రాయలే. నోటీసు ఇచ్చిన మరునాడు మీ నంబరుకు ఫోన్ గూడ చేసినం. ఇక్కడ రాసున్నది. పోయిన నెల పన్నెండో తారీఖు, పదకొండున్నరకు."

"నాకు రాలేదు సార్."

"మగ మనిషి ఎత్తిండు. అకౌంటెంట్‌నన్నడు. నోటీసు అందింది, మేడంకు చెప్త అన్నడు."

నిర్మల కాగితాలు ఏరుకుంది. ఫోటో ఒకటి కింద పడింది. దాన్ని తీయకుండానే బయటికొచ్చింది.

పన్నెండున్నరకు ఈశ్వరయ్య షాపులో రాఘవేందర్ పైపుల బిల్లులు ఎక్కిస్తున్నాడు. నిర్మల ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"పన్నెండో తారీఖు ఆఫీసు నుంచి ఫోనొస్తే ఎత్తినవా?"

అతని వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

"గంటకు రెండొందల యాభై ఇస్తున్న" అన్నాడు ఈశ్వరయ్య గల్లా దగ్గర్నుంచి. "మీ పంచాయితీ బయట పెట్టుకోండ్రి."

"నువ్వు ఊకో అన్నా! ఈ గంట పైసలు నేనిస్త" అని నిర్మల ఐదొందల నోటు అతని లాప్‌టాప్ మీద కొట్టింది. "చెప్పు తమ్మీ. ఎత్తినవా, లేదా?"

రాఘవేందర్ నోటు వైపు చూశాడు. దాన్ని మెల్లగా ఆమె వైపే జరిపాడు.

"ఎత్తిన. మెయిల్ గూడ వచ్చిన్నాడే చదివిన. నిన్న నీకు అబద్ధం చెప్పిన.

"నెలకింత అని ఇచ్చినన్ని దినాలు రోజూ పొద్దుగాల ఐదు షాపుల మెయిళ్లు చూస్తుంటి. కిందటేడు నీ రిటర్నుల తప్పు ఆదివారం కూసోని సరిజేసిన. నీకు తెల్వనే తెల్వదు. నెలకు పదిహేడున్నర వేలు వచ్చేటియి, మార్చి తర్వాత ఏడున్నర. పిల్ల ఫీజుకు బండి కుదువ పెట్టి, సైకిలేసుకోని తిరుగుతున్న. అయినా నీకు చెప్దామనే అనుకున్న. నంబరు గూడ తీసిన. ఈ ఫోను ఎవరి గంటల రాసుకోవాలె అనిపించింది. అడగకుంట చేసిన పనికి నువ్వు గీత కొట్టినవు గద. సరే, ఏదన్న పనికి ఆమెనే పిలవనీ అనుకున్న. ఏడు దినాలున్నయి, పిలుస్తదిలే అనుకున్న.

"ఇది మర్చిపోవుడు కాదక్కా. మూడో దినానికి మర్చిపోయినని నాకు నేనే చెప్పుకున్న గని, మర్చిపోలే. రోజూ ఒక దినం తగ్గుడు లెక్కపెట్టిన. నెలకిచ్చే మూడున్నర వేలు దేనికో నీకు తెలిసిరావాలని ఉండె. ఇంత పోతదని తెలుసు. తెలిసే ఊకున్న. ఆఖరి దినం పొద్దుగాల నీ షాపు ముందట్నుంచే పోయిన. నువ్వు మెట్ల మీద నీళ్లు జల్లుతున్నవు. చాయ్ తాగి పోరా తమ్మీ అన్నవు. పనున్నదన్న. ఆ పొద్దు నాకు ఏ పనీ లేదు."